ఫ్లో మీటరులో కనిపించేది లీటర్లు, రోగికి అందేది శాతం: ప్రాంగ్స్ నుంచి వెంచురీ మాస్కు దాకా ఆక్సిజన్ ఎలా పెట్టాలి

ఫ్లో మీటరులో గోళీ 2 దగ్గర నిలబడితే, కేసు షీటులో "28 శాతం ఆక్సిజన్" అని రాసేయడం గుంటూరు, విజయవాడ వార్డులలో నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్న అలవాటు. కానీ ఆ గోళీ చెప్పేది నిమిషానికి ఎన్ని లీటర్ల ఆక్సిజన్ గొట్టంలోకి వెళుతోందనే సంగతి మాత్రమే. రోగి పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతం ఉంటుందనేది ముక్కుకు పెట్టిన సాధనం మీదా, అంతకన్నా ఎక్కువగా ఆ రోగి ఊపిరి తీస్తున్న వేగం మీదా ఆధారపడుతుంది. వార్డులో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకూ హౌస్ సర్జన్లకూ ఈ తేడా పట్టుబడితే సాధనాన్ని ఎంచుకోవడం కష్టం కాదు. ఇందులో పొరపాటు ప్రాణం మీదకు తెచ్చేది ముఖ్యంగా సీఓపీడీ రోగుల విషయంలో కాబట్టి, ఈ వ్యాసంలో వారినే దృష్టిలో పెట్టుకొని ఒక్కొక్క మెట్టుగా వివరిస్తాను.

మొదట ఒక లెక్క చేసి చూడండి

మన చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ప్రశాంతంగా పడుకున్న మనిషి గాలిని లోపలికి తీసుకునే క్షణంలో ఆ ప్రవాహం నిమిషానికి 20 నుంచి 30 లీటర్ల వేగంతో ఉంటుంది. ఆయాసపడుతున్న మనిషి అదే గాలిని 60 లీటర్ల వేగంతోనో, అంతకన్నా ఎక్కువ వేగంతోనో లాగుతాడు. మనం ప్రాంగ్స్‌తో ఇచ్చేది 2 లీటర్లు మాత్రమే అయినప్పుడు మిగిలినదంతా గదిలోని గాలి నుంచే రావాలి.

నిమిషానికి 30 లీటర్ల వేగంతో పీల్చే రోగిని తీసుకోండి. ఆయన పీల్చేదానిలో 2 లీటర్లు స్వచ్ఛమైన ఆక్సిజన్, 28 లీటర్లు మామూలు గాలి. (2 + 28 × 0.21) ÷ 30 అని లెక్క కడితే సుమారు 26 శాతం వస్తుంది. అదే రోగి ఆయాసంతో 60 లీటర్ల వేగంతో పీలిస్తే, (2 + 58 × 0.21) ÷ 60 లెక్కన 24 శాతం కూడా రాదు. 20 లీటర్ల వేగంతో నెమ్మదిగా పీలిస్తే 29 శాతం దాకా వస్తుంది. గోళీ కదల్లేదు, గొట్టం మారలేదు, అయినా రోగికి అందే శాతం మారిపోయింది. పైగా ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆగే క్షణంలో ముక్కు వెనుక భాగంలో కొద్దిగా ఆక్సిజన్ నిలిచి తరువాతి ఊపిరితో లోపలికి పోతుంది కాబట్టి, నెమ్మదిగా ఊపిరి తీసేవారికి ఈ లెక్క చెప్పేదానికన్నా ఇంకొంచెం ఎక్కువే అందుతుంది.

అందువల్ల ఏ సాధనం పెట్టే ముందైనా మంచం పక్కన నిలబడి, గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం పాటు శ్వాసల సంఖ్య లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 26కూ 32కూ మధ్య ఉన్న తేడా మీదనే తరువాతి నిర్ణయం నిలబడుతుంది.

రెండో పని లక్ష్యం రాసుకోవడం. చాలామంది రోగులకు శాచురేషన్ 94 నుంచి 98 మధ్య ఉంటే చాలు. సీఓపీడీ ఉన్నవారికీ, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదమున్న ఇతర రోగులకూ 88 నుంచి 92 మధ్య ఉంచాలి. ఈ అంకెలను ఆక్సిజన్ మొదలుపెట్టకముందే కేసు షీటు పైభాగంలో రాయండి. తరువాత రాద్దామనుకుంటే, రాత్రి డ్యూటీకి వచ్చినవారు 90 చూసి కంగారుపడి గోళీని పైకి తిప్పుతారు. పల్స్ ఆక్సీమీటరు పెట్టే వేలు చల్లగా లేకుండా, గోరుకు రంగు లేకుండా చూసుకోండి. తెరమీది నాడి సంఖ్య మీరు చేత్తో పట్టి చూసిన నాడితో సరిపోకపోతే ఆ శాచురేషన్‌ను నమ్మవద్దు.

ప్రాంగ్స్ ఎప్పుడు, ఎలా

ప్రాంగ్స్‌ను నిమిషానికి 1 నుంచి 6 లీటర్ల వరకు వాడవచ్చు. లీటరుకు సుమారు 4 శాతం పెరుగుతుందని, 1 లీటరుకు 24 శాతం, 2కు 28, 4కు 36, 6కు 44 శాతం అని ఒక మోటు లెక్క పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్క ప్రశాంతంగా ఊపిరి తీసే రోగికే వర్తిస్తుందని పైన చూశాం. కాబట్టి ప్రాంగ్స్ పెట్టినప్పుడు శాతాన్ని నమ్ముకోవడం కన్నా శాచురేషన్‌ను చూసి అర లీటరు, ఒక లీటరు చొప్పున సర్దుకోవడమే సరైన పద్ధతి.

పెట్టేటప్పుడు వంపు తిరిగిన కొనలు ముక్కు లోపల కిందివైపుకు వంగి ఉండాలి, పైకి ఉంటే గాలి ముక్కు కప్పుకు తగిలి పుండు పడుతుంది. గొట్టాలను చెవుల మీదుగా తిప్పి గడ్డం కింద బిగించండి. చెవి వెనుక చర్మం ఒరుసుకుపోకుండా చిన్న దూది ముక్క పెట్టడం మరచిపోవద్దు. రోజుల తరబడి ఆక్సిజన్ మీద ఉండే వృద్ధులకు అక్కడ పుండ్లు పడితే, నొప్పి భరించలేక రాత్రిపూట వారే ప్రాంగ్స్ పీకేస్తారు. 4 లీటర్లు దాటితే ముక్కు ఎండిపోతుంది కాబట్టి హ్యూమిడిఫయర్ సీసాలో స్టెరైల్ నీళ్లు గీత వరకు పోసి కలపండి. ఎండిన ముక్కుకు వ్యాజలిన్ రాయనివ్వవద్దు, నీటితో తయారైన జెల్ వాడండి. ప్రవాహాన్ని గోళీ మధ్యభాగం ఏ గీతకు ఎదురుగా ఉందో చూసి చదవాలి. కంటిని ఆ ఎత్తుకు తెచ్చి చూడకపోతే అర లీటరు తేడా సులువుగా వస్తుంది.

మామూలు మాస్కు, సంచి ఉన్న మాస్కు

మామూలు మాస్కు గురించి చెప్పవలసింది తక్కువే. 5 నుంచి 10 లీటర్ల ప్రవాహంతో అది రమారమి 35 నుంచి 60 శాతం దాకా ఇస్తుంది, కచ్చితంగా ఎంతన్నది ఎవరూ చెప్పలేరు. 5 లీటర్ల కన్నా తగ్గించకూడదు, తగ్గిస్తే రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్కులోనే నిలిచి తిరిగి లోపలికి పోతుంది. "తక్కువ ఆక్సిజన్ చాలు" అనుకొని సీఓపీడీ రోగికి మామూలు మాస్కును 2 లీటర్లతో పెట్టడం నేను పలుమార్లు చూశాను. అలా చేస్తే తగ్గించాలనుకున్న కార్బన్ డయాక్సైడే పెరుగుతుంది. తక్కువ కావాలంటే ప్రాంగ్స్‌కు మారాలి గాని మాస్కును ఉంచి గోళీని దించకూడదు.

ఎన్‌ఆర్‌బీఎం అని మనం పిలిచే సంచి మాస్కు ప్రాణాపాయ స్థితిలో వాడేది. 15 లీటర్లు పెట్టి, మాస్కుకూ సంచికీ మధ్యనున్న రబ్బరు కవాటాన్ని వేలితో నొక్కిపట్టి సంచి పూర్తిగా ఉబ్బిన తరువాతే ముఖానికి పెట్టాలి. ఊపిరి తీసినప్పుడు సంచి కొంచెం కుంచించుకోవాలి గాని ముడుచుకుపోకూడదు. ముడుచుకుపోతుంటే ప్రవాహం చాలడం లేదని అర్థం. సంచి అసలు కదలకపోతే మాస్కు ముఖానికి ఆనక పక్కల నుంచి గాలి దూరుతోందన్నమాట. సరిగ్గా ఆనితే 60 నుంచి 90 శాతం దాకా అందుతుంది, నూరు శాతం అని రాయడం మాత్రం తప్పు. రోగిని స్కానింగుకు తీసుకువెళ్లేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నిండుగా ఉన్న బి టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్లు ఉంటాయి, నిమిషానికి 15 లీటర్ల చొప్పున అది 100 నిమిషాలే వస్తుంది. సిలిండరు ఖాళీ అయితే సంచి మాస్కు రోగి ముఖానికి మూతగా మారుతుంది.

వెంచురీ మాస్కు: శాతాన్ని మనం నిర్ణయించేది దీనితోనే

1960లో మోరన్ క్యాంబెల్ అనే వైద్యుడు, సీఓపీడీ రోగులకు కొలిచినట్లుగా ఆక్సిజన్ ఇవ్వడానికి ఈ పద్ధతిని లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. సన్నని రంధ్రం గుండా ఆక్సిజన్ వేగంగా దూసుకువస్తూ, పక్కనున్న కిటికీల గుండా బయటి గాలిని ఒక నిర్ణీత నిష్పత్తిలో తనతోపాటు లాక్కువస్తుంది. 28 శాతం ఇచ్చే వాల్వులో ఒక లీటరు ఆక్సిజన్‌కు సుమారు 10 లీటర్ల గాలి కలుస్తుంది. అందువల్ల 4 లీటర్లు పెట్టినా రోగి ముఖం దగ్గరకు వచ్చే ప్రవాహం సుమారు 45 లీటర్లు. రోగి పీల్చే వేగం దానికి లోబడి ఉన్నంతకాలం బయటి గాలి అదనంగా కలవదు, శాతం మారదు. ప్రాంగ్స్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

వాల్వుల రంగులు సాధారణంగా 24 శాతానికి నీలం, 28కి తెలుపు, 35కు పసుపు, 40కి ఎరుపు, 60కి ఆకుపచ్చ. అయితే కంపెనీని బట్టి రంగూ, పెట్టవలసిన లీటర్లూ మారవచ్చు. రంగును నమ్మవద్దు, వాల్వు మీద ముద్రించిన శాతాన్నీ లీటర్లనూ చదివి ఆ ప్రకారమే పెట్టండి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వెంచురీలో లీటర్లు పెంచితే శాతం పెరగదు, మొత్తం ప్రవాహం మాత్రమే పెరుగుతుంది. శాతం మారాలంటే వాల్వు మార్చాలి. మరి లీటర్లు ఎప్పుడు పెంచాలి? రోగి నిమిషానికి 30 సార్ల కన్నా ఎక్కువగా ఊపిరి తీస్తున్నప్పుడు పెంచాలి. నిమిషానికి 60 లీటర్ల వేగంతో లాగే రోగికి 28 శాతం వాల్వును 4 లీటర్లతో పెడితే, వచ్చే 45 లీటర్లు చాలక మిగతా 15 లీటర్లు గది గాలి నుంచి కలిసి నిజంగా అందేది 26 శాతమే అవుతుంది. దాన్ని 6 లీటర్లకు పెంచితే మొత్తం ప్రవాహం 68 లీటర్ల దాకా వెళుతుంది, రాసుకున్న 28 శాతం నిజమవుతుంది. వాల్వు మీద రాసిన కనీస ప్రవాహానికి మరో సగం కలిపి పెట్టడం ఇలాంటి రోగులకు పాటించవలసిన నియమం.

దీని పరిమితి కూడా ఈ లెక్కలోనే ఉంది. 60 శాతం వాల్వులో ఒక లీటరు ఆక్సిజన్‌కు ఒక లీటరు గాలే కలుస్తుంది కాబట్టి 15 లీటర్లు పెట్టినా మొత్తం 30 లీటర్లే. 60 లీటర్ల వేగంతో లాగే రోగికి దాని నుంచి నిజంగా అందేది సుమారు 40 శాతం. తీవ్రమైన న్యుమోనియాతో ఆయాసపడేవారికి ఆకుపచ్చ వాల్వు పెట్టి "60 శాతం మీద కూడా శాచురేషన్ రావడం లేదు" అని రాయకండి, ఆ రోగి అసలు 60 శాతం చూసి ఉండడు.

గాలి కిటికీలను దుప్పటి కప్పివేయకుండా ఎప్పటికప్పుడు చూడాలి. చలికాలపు రాత్రుల్లో ఇంటివారు ప్రేమతో దుప్పటిని గడ్డం దాకా లాగుతారు. కిటికీలు మూసుకుంటే కలిసే గాలి తగ్గి, మొత్తం ప్రవాహం పడిపోతూ ఆక్సిజన్ శాతం పెరుగుతుంది. సీఓపీడీ రోగికి మనం తప్పించాలనుకున్న ప్రమాదమే అది. ఈ వాల్వుకు బుడగల హ్యూమిడిఫయర్ సీసా కలపవద్దు, ఎదురు ఒత్తిడి వల్ల ప్రవాహం దెబ్బతింటుంది. బయటి నుంచి ఎక్కువ గాలి కలుస్తున్నందున తక్కువ శాతం వాల్వులకు దాని అవసరమూ ఉండదు.

ఒక రోగి విషయంలో మెట్లు

ఇది ఒక్కరి కథ కాదు. వార్డులో తరచూ ఎదురయ్యే తీరును ఒకచోట చేర్చి చెబుతున్నాను. మిర్చి యార్డులో హమాలీగా పనిచేసి, నలభై ఏళ్లు బీడీలు తాగిన 64 ఏళ్ల మనిషి మూడు రోజుల నుంచి దగ్గు, ఆయాసంతో ఉన్నాడు. మొదట చూపించిన చోట శాచురేషన్ 80 ఉందని 15 లీటర్లతో సంచి మాస్కు పెట్టారు. మన దగ్గరకు వచ్చేసరికి శాచురేషన్ 99, శ్వాసలు నిమిషానికి 32. కొడుకు మొహంలో ధైర్యం కనబడుతోంది, తండ్రి మాత్రం పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నాడు. చేతులు వెచ్చగా ఉన్నాయి, నాడి ఉద్ధృతంగా కొట్టుకుంటోంది, చేతులు ముందుకు చాచమంటే మణికట్ల దగ్గర రెక్కల్లా ఆడుతున్నాయి. ఇవి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందని చెప్పే గుర్తులు. శాచురేషన్ 99 కావడం ఇక్కడ మంచి సూచన కాదు. దెబ్బతిన్న భాగాలకు రక్తం వెళ్లకుండా ఊపిరితిత్తి తనంతట తాను చేసుకున్న సర్దుబాటును ఎక్కువ ఆక్సిజన్ చెడగొడుతుంది. ఆక్సిజన్‌తో నిండిన హీమోగ్లోబిన్ మోయగలిగే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. రోగి ఊపిరి తీయాలనే ప్రేరణ మందగించడం కొంత కారణమే గాని, పాత పుస్తకాలు చెప్పినంత పెద్ద కారణం కాదు.

మొదటి పని ఏబీజీకి రక్తం తీయడం. అదే సమయంలో ఆక్సిజన్‌ను తగ్గించాలి, కాని ఒక్కసారిగా తీసేయకూడదు. పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వెంటనే పోదు, ఆక్సిజన్ మాత్రం నిమిషాలలో పడిపోతుంది. అందువల్ల మాస్కు పూర్తిగా తీసేస్తే శాచురేషన్ మొదట ఉన్న 80 కన్నా కూడా కిందికి జారవచ్చు. ఈ రోగికి ముందు 35 శాతం వెంచురీని, శ్వాసలు 30 దాటాయి కనుక 8కి బదులు 12 లీటర్లతో పెట్టి, మంచం దగ్గరే నిలబడి అయిదు నిమిషాలు చూస్తాం. శాచురేషన్ 95కు దిగింది, లక్ష్యం కన్నా ఇంకా ఎక్కువే. ఇప్పుడు 28 శాతం వాల్వును 6 లీటర్లతో పెట్టి మరో అయిదు నిమిషాలు చూస్తే 90 దగ్గర నిలబడింది. అక్కడ ఆగుతాం.

ఈ సమయంలోనే కొడుకు అడుగుతాడు, "సిస్టర్ గారూ, ఇందాక తొంభై తొమ్మిది ఉంది కదండీ, తొంభైకి దించేశారేంటి?" అని. ఈ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పాలి, లేకపోతే మనం అటు తిరగగానే ఆయనే గోళీని తిప్పుతాడు. "బాబూ, మీ నాన్నగారి ఊపిరితిత్తులకు తొంభైయే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువిస్తే లోపలి చెడుగాలి పేరుకొని మగత వస్తోంది, ఇందాక మీరు చూసిన మగత అదే. ఈ పిడి ఎవరూ ముట్టుకోవద్దు, 88 కన్నా తగ్గితే నన్ను పిలవండి" అని చెబితే చాలు. మంచం దగ్గర బీడీ, అగ్గిపుల్ల, అగరుబత్తి ఉండకూడదని కూడా అప్పుడే చెప్పండి.

ఏబీజీ వచ్చింది. పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ 70. సాల్బుటమాల్, ఇప్రట్రోపియం నెబులైజేషన్ ఇవ్వాలి. దాన్ని ఆక్సిజన్‌తో కాక గాలి కంప్రెసర్‌తో నడపాలి, ఆ కాసేపూ ముక్కుకు ప్రాంగ్స్‌తో 1 లేదా 2 లీటర్లు ఉంచాలి. కంప్రెసర్ దొరకక ఆక్సిజన్‌తోనే నడపవలసి వస్తే ఆరు నిమిషాలకు మించనివ్వవద్దు. స్టెరాయిడ్, అవసరమైతే యాంటీబయాటిక్ వైద్యుని ఆదేశం ప్రకారం సాగుతాయి.

30 నుంచి 60 నిమిషాల లోపు మళ్లీ ఏబీజీ తీయాలి. ఈ రోగికి పీహెచ్ 7.36, కార్బన్ డయాక్సైడ్ 57 వచ్చి, మనిషి తన పేరూ ఊరూ చెబుతున్నాడు, శ్వాసలు 24కు తగ్గాయి. కనుక లీటర్లను 6 నుంచి వాల్వు మీద రాసిన 4కు తెచ్చాం. అలా కాక పీహెచ్ ఇంకా 7.35 కన్నా తక్కువగా ఉండి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానే ఉంటే, మాస్కులు మార్చి చూడటం ఇక పనికిరాదు, బైపాప్ అవసరమని సీనియర్ వైద్యునికి వెంటనే చెప్పాలి. మగత పెరుగుతూ ఉంటే ఆ గంట కూడా ఆగకూడదు.

మరునాటి ఉదయం ఆయనకు ఇడ్లీ తినాలనిపించింది. తినేటంతసేపు మాస్కు తీసి ఊరుకోవడం వార్డులో జరిగే మరో పొరపాటు. 28 శాతం వెంచురీకి బదులుగా ప్రాంగ్స్‌తో 2 లీటర్లు పెట్టి తినిపించండి, వేలికి ఆక్సీమీటరు ఉంచే తినిపించండి. తిన్నంతసేపూ 91 దగ్గర నిలబడితే ఇక ప్రాంగ్స్‌తోనే కొనసాగించవచ్చు, తరువాత లీటరుకు తగ్గించవచ్చు. షిఫ్టు మారేటప్పుడు షీటులో "ఆక్సిజన్ మీద ఉన్నారు" అని కాక, సాధనం పేరు, లీటర్లు, వెంచురీ అయితే వాల్వు శాతం, శాచురేషన్, శ్వాసల సంఖ్య, లక్ష్యం అన్నీ ఒకే వరుసలో రాయండి. ఈ రోగికి ఆ ఉదయం రాసిన వరుస ఇది: ప్రాంగ్స్, 2 లీటర్లు, శాచురేషన్ 91, శ్వాసలు 22, లక్ష్యం 88 నుంచి 92.